ఎంత వంగాలి? ఎంతసేపు ఆగాలి?

జపాన్‌లో గంటసేపు సాగే ఒక వ్యాపార సమావేశానికి వెళ్ళిన మనిషి కనీసం ఐదుసార్లు వంగి నమస్కరిస్తాడు. రిసెప్షన్ దగ్గర ఒకసారి, అవతలివాళ్ళు గదిలోకి రాగానే ఒకసారి, విజిటింగ్ కార్డు ఇచ్చేటప్పుడు ఒకసారి, మాటలు ముగిశాక ఒకసారి, లిఫ్టు ఎక్కాక మరోసారి. ఈ ఐదూ ఒకేలా ఉండవు. ఒకదానికి తల, భుజాలు కాస్త ముందుకు వస్తే చాలు. మరోదానికి నడుము దగ్గర నుంచి బాగా వంగి, ఒక క్షణం కదలకుండా ఆగి, నెమ్మదిగా లేవాలి. ఏది ఎక్కడ చేశారో, ఎంతసేపు ఉన్నారో అవతలివాళ్ళు గమనిస్తారు. పైకి ఏమీ అనరు. ఎదుటివారి హోదా, ఇద్దరి మధ్య ఉన్న సంబంధం, ఆ రోజు వచ్చిన పని తీవ్రత, ఇవన్నీ ఈ మనిషికి తెలుసా లేదా అన్నది మాత్రం అక్కడే తేలిపోతుంది.

ఈ నమస్కారాన్ని జపాన్‌లో ఓజిగి అంటారు. ఏప్రిల్‌లో కొత్త ఉద్యోగులు చేరగానే చాలా కంపెనీలు వాళ్ళకు ఇచ్చే మొదటి శిక్షణలో ఇదీ ఒక పాఠం. వరుసగా నిలబెట్టి, పక్కనుంచి చూస్తూ, వీపు గుండ్రంగా అయితే సరిచేస్తూ నేర్పిస్తారు. బడిలో, ఇంట్లో చిన్నప్పటి నుంచి చేస్తున్నదే అయినా, ఆఫీసులో దానికో కొలత ఉంటుంది కాబట్టి మళ్ళీ నేర్చుకోక తప్పదు.

ఆ కొలతలు ముఖ్యంగా మూడు. మొదటిది ఎషకు, సుమారు 15 డిగ్రీలు. కారిడార్‌లో ఎదురైన సహోద్యోగికి, ముందుగా వెళ్ళిపోతున్నప్పుడు మిగతావాళ్ళకు, గదిలోకి అడుగు పెట్టేటప్పుడు ఇది సరిపోతుంది. రెండోది కేయ్‌రేయ్, సుమారు 30 డిగ్రీలు. కస్టమర్లకు, పైఅధికారులకు, మొదటిసారి కలిసిన వారికి మామూలుగా చేసేది ఇదే. మూడోది సైకేయ్‌రేయ్, 45 డిగ్రీలు లేదా అంతకంటే కొంచెం ఎక్కువ. పెద్ద సాయానికి కృతజ్ఞత చెప్పాలన్నా, తప్పు జరిగితే క్షమాపణ అడగాలన్నా, చాలా పెద్ద కస్టమర్‌ని సాగనంపాలన్నా దీన్ని వాడతారు. ఈ డిగ్రీలు శిక్షణ పుస్తకాల లెక్కలు. నిజ జీవితంలో కోణమానినితో ఎవరూ కొలవరు. కొలిచేది చూపే. ఎషకులో చూపు ఎదుటివాళ్ళ పాదాలకు కాస్త అవతల నేల మీద పడుతుంది. కేయ్‌రేయ్‌లో మీటరు, మీటరున్నర దూరంలో పడుతుంది. సైకేయ్‌రేయ్‌లో తన బూట్ల ముందు ఉన్న నేలే కనిపిస్తుంది. ఎంత వంగామో తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన గుర్తు లేదు.

వంగడం నడుము దగ్గర నుంచి జరగాలి. తల, మెడ, వీపు ఒకే గీతలో ఉండాలి. మెడ ఒక్కటే వంచితే తలూపినట్టు ఉంటుంది. వీపు గుండ్రంగా వస్తే అలసిపోయినట్టు, అయిష్టంగా చేసినట్టు ఉంటుంది. గడ్డం పైకెత్తి ఎదుటివారి ముఖం చూస్తూ వంగితే అనుమానంగా చూస్తున్నట్టు ఉంటుంది. మగవాళ్ళు చేతులు రెండు పక్కలా ప్యాంటు కుట్టు మీద ఆనించి ఉంచుతారు. ఆడవాళ్ళు ముందు వైపు ఒక చేతి మీద మరో చెయ్యి వేసుకుంటారని శిక్షణ తరగతుల్లో చెబుతారు. మడమలు దగ్గరగా ఉంటాయి. ఇద్దరి మధ్య దూరం ఒకటి, ఒకటిన్నర మీటరు ఉండాలి. అంతకంటే దగ్గరగా నిలబడితే తలలు తగులుతాయి.

ఇంతవరకు నేర్చుకోవడం కష్టం కాదు. వారం రోజులు అద్దం పక్కన నిలబడి చేస్తే వచ్చేస్తుంది. ఓజిగిలో అసలు తేడా చూపించేది కోణం కాదు, సమయం. ఎంత వంగాలో సందర్భం చెబుతుంది కాబట్టి అందరూ దాదాపు ఒకేలా వంగుతారు. కింద ఎంతసేపు ఆగారు, ఎంత నిదానంగా లేచారు అన్నది మాత్రం మనిషిని బట్టి ఉంటుంది. అందుకే మంచి శిక్షకులు ఎక్కువసేపు దీని మీదే పని చేయిస్తారు.

సంప్రదాయ మర్యాదలు నేర్పే ఒగసవార పరంపరలో దీనికి ఊపిరితో ముడిపెట్టిన ఒక పద్ధతి ఉంది. గాలి పీలుస్తూ వంగాలి. కింద ఆగినప్పుడు గాలి వదలాలి. మళ్ళీ పీలుస్తూ లేవాలి. మూడు శ్వాసలతో ఒక నమస్కారం పూర్తవుతుంది. గాలి పూర్తిగా వదిలేదాకా లేవడం కుదరదు కాబట్టి, ఆ ఆగడం దానంతటదే వచ్చేస్తుంది. ఆఫీసు శిక్షణలో దీన్నే అంకెల్లో చెబుతారు. ఒకటి అనేలోగా వంగాలి, రెండు అనేదాకా కదలకుండా ఉండాలి, మూడు, నాలుగు అనుకుంటూ లేవాలి. అంటే వంగడం కంటే లేవడం నెమ్మదిగా ఉండాలి. గబుక్కున లేచిన మనిషి ఎంత లోతుగా వంగినా, పని అయిపోయింది కదా అన్నట్టే ఉంటుంది.

మాటకూ వంగడానికీ కూడా వరుస ఉంది. ముందు నిలబడి, ఎదుటివారి ముఖం చూస్తూ మాట పూర్తిగా చెప్పాలి. ఆ తర్వాతే వంగాలి. లేచాక మళ్ళీ ఒకసారి ముఖం చూడాలి. వంగుతూ మాట్లాడితే మాట నేలకు వినపడుతుంది, ఎదుటివారికి కాదు. రద్దీ దుకాణాల్లో, రైలు ప్లాట్‌ఫారాల మీద మాటా నమస్కారమూ కలిపి చేయడం మామూలే. అక్కడ తప్పు కాదు. సమావేశ గదిలో మాత్రం విడిగా చేసిన నమస్కారానికి ఉన్న బరువు వేరు.

ఇక ఎవరు ఎవరికి ఎక్కువ వంగాలి? వయసు, హోదా చూస్తారన్నది నిజమే కానీ, వ్యాపారంలో వాటికంటే ముందు చూసేది కొనేవారెవరు, అమ్మేవారెవరు అని. యాభై ఐదేళ్ళ కంపెనీ డైరెక్టరు ముప్పై ఏళ్ళు నిండని కొనుగోలు విభాగం ఉద్యోగికి ఎక్కువ వంగుతాడు, ఎందుకంటే ఆ కుర్రవాడు కస్టమర్ తరఫున కూర్చున్నాడు. తమ కంపెనీ లోపలి హోదాలు బయటివారి ముందు పక్కకు జరుగుతాయి. తమ ఎండీ గురించి బయటివారితో మాట్లాడేటప్పుడు గౌరవ పదాలు తీసేసి, మామూలు పేరుతో చెప్పడం జపనీయుల అలవాటు. వంగడంలోనూ అదే లెక్క. హోదాను చూపించే ఈ అలవాటు కాగితం మీదికి కూడా పాకింది. కొన్ని బ్యాంకుల్లో, కంపెనీల్లో ఒక పత్రం మీద పలువురు ముద్ర వేయాల్సి వస్తే, కింది ఉద్యోగి తన ముద్రను కొంచెం ఎడమవైపుకు వంచి, పైఅధికారి ముద్రకు నమస్కరిస్తున్నట్టు వేసే ఆచారం ఉండేది. దాన్ని వదిలేస్తున్న చోట్లు ఎక్కువయ్యాయి.

ఒక సందర్భాన్ని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు, దైకిన్ వంటి జపాన్ కంపెనీల ఫ్యాక్టరీలున్నాయి. అలాంటి కంపెనీలకు విడిభాగాలు తయారుచేసి ఇచ్చే చిన్న సంస్థ ఒకటి ఉందనుకుందాం. దాని ఎండీ, సేల్స్ మేనేజరు, ఒక యువ ఇంజనీరు కొత్త ఆర్డరు కోసం నగోయాలోని కస్టమర్ ఆఫీసుకు వెళ్ళారు. అవతల వైపు కొనుగోలు విభాగం అధిపతి, సెక్షన్ చీఫ్, ఒక యువ ఉద్యోగి.

కోట్లు వేసుకుని ఉంటే భవనం బయటే తీసి చేతి మీద వేసుకుంటారు. సమయానికి ఐదు నిమిషాల ముందు రిసెప్షన్‌కు వెళతారు. రిసెప్షనిస్టు లేచి 30 డిగ్రీలు వంగుతుంది. వీళ్ళు 15 డిగ్రీలు వంగితే చాలు. గదిలోకి తీసుకెళ్ళి, తలుపుకు దూరంగా ఉన్న కుర్చీల వైపు చెయ్యి చూపిస్తుంది. అదే గౌరవ స్థానం. ఎండీ లోపలి కుర్చీలో, ఇంజనీరు తలుపుకు దగ్గరగా. అవతలివారు వచ్చేవరకు కాగితాలు సర్దుకుంటూ కూర్చోవచ్చు. తలుపు తట్టిన శబ్దం వినగానే మాత్రం ముగ్గురూ ఒక్కసారే లేవాలి. కూర్చున్న మనిషి నిలబడి ఉన్న కస్టమర్‌కు నమస్కరించడం సమావేశాన్ని తప్పుడు అడుగుతో మొదలుపెట్టడమే.

ఇప్పుడు కార్డులు మార్చుకోవాలి. బల్ల మీదుగా ఇవ్వకూడదు, చుట్టూ తిరిగి అవతలివారి ముందుకు వెళ్ళాలి. మొదట ఎండీ, విభాగం అధిపతి. అమ్మే పక్షం, పైగా అతిథులు కాబట్టి కార్డు ముందుగా వీళ్ళే ఇస్తారు. ఎండీ నిలబడి కంపెనీ పేరు, తన పేరు స్పష్టంగా చెబుతాడు. ఆ తర్వాత కార్డును అక్షరాలు ఎదుటివారికి తిరిగి ఉండేలా రెండు చేతులతో, ఎషకు అంత వంగి అందిస్తాడు. అవతలి కార్డు కంటే తన కార్డు కాస్త కిందుగా ఉండేలా చూసుకుంటాడు. ఎదుటివారూ వినయంగా తమ చేతిని దించితే, ఇద్దరి చేతులూ మెల్లగా కిందికి జారుతూ పోవడం అక్కడ మామూలు దృశ్యం. కార్డు అందుకున్నాక, పేరు ఒకసారి చూసి, సహకారం కోరుతూ 'యోరోషికు ఒనెగాయ్ షిమాస్' అని చెప్పి, అప్పుడు 30 డిగ్రీలు వంగాలి. నలుగురిలో తొందరపడితే ఈ రెండూ కలిసిపోతాయి. కార్డు ఇస్తూనే మాట్లాడుతూ వంగిపోతారు. ఎండీ తర్వాత సేల్స్ మేనేజరు, చివర ఇంజనీరు. ఇంజనీరుకు ఎదురుగా వచ్చింది తన వయసు కుర్రవాడే అయినా, ఆమె వంగడం అతని కంటే ఒక పిసరు లోతుగా, ఒక పిసరు ఎక్కువసేపు ఉండాలి.

ఇక్కడే కొత్తవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఇద్దరూ వంగి ఉన్నప్పుడు ఎవరు ముందు లేవాలి? పైవారు. కిందివారు ఆ తర్వాత. కానీ తల పైకెత్తి చూడకూడదు కదా, మరి ఎలా తెలుస్తుంది? కంటి పైఅంచులో ఎదుటివారి భుజాలు, చేతుల కదలిక కనిపిస్తుంది. అది మొదలైన తర్వాత లేవడం మొదలుపెడితే చాలు. ఒకవేళ తొందరపడి ముందే లేచి, ఎదుటివారు ఇంకా వంగి ఉంటే, ఉన్నచోటే మళ్ళీ చిన్నగా ఎషకు చేస్తారు. అవతలివారు అది చూసి మరో ఎషకు చేస్తారు. అంతటితో సర్దుకుంటుంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగిపోయి, మూడు నాలుగుసార్లు వంగడం కూడా జరుగుతుంది. అలాంటప్పుడు ప్రతిసారీ లోతు తగ్గుతూ రావాలి. తగ్గకుండా పదేపదే తల ఆడిస్తే, దాన్ని వినయం అనరు, బెరుకు అంటారు.

మాటలు ముగిశాక కుర్చీ పక్కన నిలబడి, సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పి, మళ్ళీ 30 డిగ్రీలు. ఆ తర్వాత లిఫ్టు దగ్గర ఒక విచిత్రం చూడొచ్చు. ఇంతసేపూ పైచేయిగా ఉన్న కస్టమర్లు లిఫ్టు దాకా వచ్చి, ఇప్పుడు ఆతిథ్యం ఇచ్చినవారి హోదాలో లోతుగా వంగుతారు. వీళ్ళు లోపలికి వెళ్ళి, తలుపు వైపు తిరిగి నిలబడి వంగుతారు. తలుపు పూర్తిగా మూసుకునేదాకా ఎవ్వరూ లేవరు. కారులో వెళ్ళేవారైతే కారు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా గేటు దగ్గర వంగి ఉండేవారున్నారు. మన ఊళ్ళల్లో బంధువులు బస్సెక్కితే, బస్సు కదిలేదాకా ఆగి చెయ్యి ఊపి పంపిస్తాం. అక్కడ ఆ నిరీక్షణ మొత్తాన్నీ నమస్కారంలోనే పెట్టారు. తలుపు సగం మూసుకోగానే లేచి ఫోను తీసిన మనిషిని ఆ చివరి సందులోంచి అవతలివారు చూస్తారు. గంటసేపు పాటించిన మర్యాద అంతా ఆ ఒక్క సెకనులో తగ్గిపోతుంది.

ఆర్డరు వచ్చింది అనుకుందాం. ఆరు నెలల తర్వాత పంపిన ఒక బ్యాచ్‌లో కొలత తేడా వచ్చి, కస్టమర్ లైను కొన్ని గంటలు ఆగిపోయింది. ఎండీ నగోయా వెళతాడు. అదే గది, అవే మనుషులు. కానీ ఇప్పుడు ఓజిగి వేరు. లోపలి కుర్చీ చూపించినా కూర్చోడు, తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. విభాగం అధిపతి రాగానే ఎదురుగా నిలబడి, ఏం జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పి, 'మోషివకే గొజాయ్‌మసెన్' అని క్షమాపణ పూర్తిగా పలికి, అప్పుడు 45 డిగ్రీలు వంగుతాడు. ఆగడం ఈసారి ఒక శ్వాస కాదు, మూడు నాలుగు సెకన్లు, తీవ్రతను బట్టి ఇంకా ఎక్కువ. ఆయన పక్కన నిలబడినవారు ఆయనతో పాటే వంగి, ఆయన లేచాకే లేవాలి. ఒకరు ముందే లేస్తే, ఈ తప్పు తనది కాదన్నట్టు ఉంటుంది. కారణాలు చెప్పడం ఆ తర్వాతి పని. వంగడానికి ముందే యంత్రం చెడింది, ముడి సరుకు బాగాలేదు అంటూ మొదలుపెడితే తర్వాత ఎంత లోతుగా వంగినా సాకులాగే వినిపిస్తుంది. చేతిలో మిఠాయి డబ్బా తెచ్చుకుంటే, క్షమాపణ ముగిసి వాతావరణం కాస్త చల్లబడ్డాకే ఇస్తారు. లోపలికి వస్తూనే ఇస్తే క్షమాపణ కొనడానికి వచ్చినట్టు ఉంటుంది.

జపాన్‌లో పెద్ద కంపెనీల అధిపతులు విలేఖరుల ముందు నిలబడి వంగే ఫోటోలు పత్రికల మొదటి పేజీల్లో వస్తాయి. 2010 ఫిబ్రవరిలో లక్షల కార్లు వెనక్కి పిలిపించాల్సి వచ్చినప్పుడు టొయోటా అధ్యక్షుడు అకియో టొయోడా క్షమాపణ చెప్పారు. ఆయన తగినంత లోతుగా వంగలేదనే వ్యాఖ్యలు అప్పట్లో వచ్చాయి. 2015 జూలైలో లెక్కల అవకతవకలు బయటపడ్డాక తోషిబా అధ్యక్షుడు హిసావో తనాకా పదవి వదిలేస్తూ విలేఖరుల ముందు చాలాసేపు వంగి నిలబడ్డారు. ఆ దృశ్యాలను చూసి విదేశీయులు అనుకునేది, వంగితే అక్కడ తప్పు మాఫీ అవుతుందని. కానీ అది నిజం కాదు. మన ఎండీ కథకే వస్తే, ఆయన లేచిన తర్వాత కస్టమర్ అడిగే మొదటి ప్రశ్న, చెడ్డ సరుకు ఇంకా ఎన్ని పెట్టెల్లో ఉంది అని. రెండోది, మళ్ళీ జరగకుండా ఏం చేస్తారు, ఎప్పటికి చేస్తారు అని. ఆ జవాబులు లేకపోతే ఎంతసేపు వంగినా ఆర్డరు నిలవదు. నమస్కారం ఆ మాటలు వినడానికి తలుపు తెరుస్తుంది, అంతే.

విదేశీయులు ఇవన్నీ తెలుసుకుని రావాలని జపనీయులు ఆశించరు. చాలామంది తామే ముందుగా చెయ్యి చాచి షేక్‌హ్యాండ్ ఇస్తారు. అలాంటప్పుడు నిటారుగా నిలబడి, కళ్ళలోకి చూస్తూ షేక్‌హ్యాండ్ ఇవ్వడమే సరి. వంగాలనిపిస్తే దానికి ముందో, తర్వాతో. రెండూ కలిపేస్తే ఏదీ సరిగా కుదరదు. 2009 నవంబరులో బరాక్ ఒబామా అప్పటి చక్రవర్తి అకిహితోకు షేక్‌హ్యాండ్ ఇస్తూనే బాగా లోతుగా వంగిన దృశ్యం మీద అమెరికాలో పెద్ద చర్చే జరిగింది. తెలుగువారు తెలియకుండా చేసే పొరపాటు మరొకటి ఉంది. వంగేటప్పుడు అలవాటుగా రెండు చేతులూ జోడించడం. జపాన్‌లో చేతులు జోడించేది గుడిలో దేవుడి ముందు, భోజనానికి ముందు, బతిమాలేటప్పుడు. ఆఫీసు ఓజిగిలో చేతులు కిందే ఉంటాయి. మనదైన నమస్కారం చేయదలిస్తే, నిటారుగా నిలబడి, నిండుగా నమస్కారం చేస్తే వాళ్ళు సంతోషంగా అందుకుంటారు. రెంటినీ కలిపి సగం సగం చేయడమే ఇబ్బంది.

ఎక్కువ వంగడం కూడా తప్పే. పక్క బల్ల ఉద్యోగికి రోజూ ఉదయం 45 డిగ్రీలు వంగితే అతను కంగారు పడతాడు, ఏదో పెద్ద సాయం అడగబోతున్నారనో, వెటకారం చేస్తున్నారనో అనుకుంటాడు. లోతైన నమస్కారానికి విలువ ఉండేది అది అరుదుగా జరిగినప్పుడే. కొత్తగా చేరినవారు అన్నిచోట్లా 30 డిగ్రీలే వంగుతూ, రద్దీగా ఉన్న కారిడార్‌లో దారి ఆపేస్తుంటారు. అక్కడ నడక కాస్త తగ్గించి, పక్కకు జరిగి ఎషకు చేస్తే చాలు.

జపాన్ కస్టమర్లతో పనిచేసే మన కంపెనీల్లో అనుభవం ఉన్న సీనియర్లు కొత్త ఇంజనీర్లకు చెప్పే మాటలు ఈ లెక్కలన్నిటి కంటే చిన్నవి. "అమ్మా, మాట పూర్తిచేసి వంగు. కింద ఒక ఊపిరి ఆగు. ఆయన లేచాక లే." కోణం గురించి వాళ్ళు పెద్దగా పట్టించుకోరు, ఎందుకంటే ఆ మూడు సరిగ్గా చేసిన మనిషికి 30 డిగ్రీలు 25 అయినా, 35 అయినా ఎవరూ లెక్కపెట్టరు. తిరగేస్తే మాత్రం నిజం కాదు. సరిగ్గా 30 డిగ్రీలు వంగి, ఆగకుండా లేచిపోయిన మనిషి కొలత ఒక్కటే నేర్చుకున్నాడని అవతలివారికి తెలిసిపోతుంది.

ప్రయాణానికి ముందు సాధన చేయాలనుకునేవారు ఒక పని చేయవచ్చు. బృందంలో ఒకరిని పక్కనుంచి చూడమని చెప్పి, మిగతావారు ఎదురెదురుగా మీటరున్నర దూరంలో నిలబడాలి. ఒకరు కస్టమర్, మరొకరు సరఫరాదారు. పేరు చెప్పడం, వంగడం, ఊపిరి వదలడం, భుజాల కదలిక చూసి లేవడం. చూసేవారు మూడే మూడు విషయాలు చెప్పాలి: మెడ విడిగా వంగిందా, మాట వంగడంలో కలిసిపోయిందా, ఎవరు ముందు లేచారు. పాత్రలు మార్చి పదిసార్లు చేస్తే, చాలామందికి మొదటి రెండూ సరిపోతాయి. మూడోది ఇంకా తప్పుతుంటుంది. మిగిలిన సమయమంతా దాని మీదే పెట్టడం మంచిది.